ఈ రోజు అన్నం ఎవరు పెట్టలేదు?

నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చదువు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నాలుగేళ్ళ క్రితం బదిలీ మీద కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోనికి అవతల ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు వచ్చాను. ఆ ప్రాంతం సంగతి తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. వానలు సరిగా పడని ఏడాది దీపావళి దాటేసరికి ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వెళ్ళిపోతాయి. ఇంటికి తాళం వేసి, తట్టాబుట్టా సర్దుకుని, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళతారు. మళ్ళీ ఉగాది నాటికో, ఆ తర్వాతో వస్తారు.

జూన్‌లో బడి తెరిచినప్పుడు ఐదో తరగతి నాకు అప్పగించారు. హాజరు పట్టీలో 27 మంది ఉన్నారు. వారిలో 11 మంది క్రితం ఏడాది నాలుగో తరగతిలో సగం రోజులు మిరప చేలలోనే గడిపారు. మొదటి రోజే రెండో తరగతి వాచకంలోని ఒక పేరా ఇచ్చి ఒక్కొక్కరినీ చదవమన్నాను. ఏడుగురు గలగలా చదివారు. తొమ్మిది మంది కూడబలుక్కుని చదివారు. కోతలకు వెళ్ళి వచ్చిన 11 మందికీ అక్షరాలు వచ్చు, గుణింతాలు కూడా కొంత వచ్చు. కానీ అక్షరం కింద వత్తు కనబడితే చాలు, అక్కడ ఆగిపోయేవారు. ఆగిపోయి తల దించుకునేవారు. నేను ఎంత సేపు నిలబడినా తల ఎత్తేవారు కాదు.

చదవడం రాని పిల్లలు మాత్రమే ఇలా ఉంటే తరగతి అంత నిస్సారంగా ఉండేది కాదు. చదవడం వచ్చిన ఏడుగురూ కూడా అలాగే ఉన్నారు. తెలిసిన పాఠమే పదిసార్లు వింటూ వాళ్ళు విసిగిపోయారు. ఒకరికి అందక, ఒకరికి అవసరం లేక, తరగతి మొత్తం గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేది. కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి రెండు వారాలలో నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తేది, అంతే.

కథలు చెబితే బాగుపడుతుందని నాకు ముందే తోచింది. అయితే మొదట చేసిన తీరు తప్పు. వాచకంలోని కథనే చక్కగా, గొంతు మార్చి చెప్పాను. పిల్లలు విన్నారు. కథ అయిపోగానే, "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడిగాను. ఆ ప్రశ్న నోటి నుంచి వచ్చిన క్షణంలోనే తలలన్నీ వాలిపోయాయి. మర్నాడు మరో కథ మొదలుపెడితే మధ్యలోనే వాలిపోయాయి. చివర్లో ప్రశ్న కాచుకుని ఉందని వాళ్ళకు అప్పటికే తెలిసిపోయింది. మన ఇళ్ళలో ఏ అవ్వా కథ చెప్పి చివర నీతి అడగదు. ఊ కొడుతున్నారా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆ సాయంత్రం నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. కథ తర్వాత ప్రశ్న అడగకూడదు.

మూడో రోజు ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. ఐదో తరగతికి అది చిన్నపిల్లల కథే. బాగా చదివే అబ్బాయి ఒకడు లేచి, "సార్, ఇది మాకు అంగన్‌వాడీలోనే చెప్పారు" అన్నాడు. "అలాగైతే నేను ఎక్కడైనా తప్పితే చెప్పు నాయనా" అన్నాను. తరగతి గదిలోనే ఒక్కొక్కరినీ ఒక్కొక్క చోట నిలబెట్టాను. నల్లబల్ల దగ్గర చేప, తలుపు దగ్గర గడ్డిమేటు, మూలన ఆవు, ఇలా. మిగిలిన వారంతా కలిసి ప్రశ్న అడగాలి. "చేపా, చేపా, ఎందుకు ఎండలేదు?" అని వాళ్ళు అడిగితే, "గడ్డిమేటు అడ్డం వచ్చింది" అని చేప చెప్పాలి. గడ్డిమేటు ఆవు మీద చెబుతుంది, ఆవు గొల్లవాడి మీద చెబుతుంది. గొల్లవాడి దాకా వచ్చాను. అక్కడి నుంచి నేరుగా పాప దగ్గరికి వెళ్ళిపోయాను.

"సార్, అవ్వను మరచిపోయారు."

కిటికీ పక్క అమ్మాయి. నేను నిజంగానే మరచిపోయాను. గొల్లవాడికి అవ్వ అన్నం పెట్టలేదు, పాప ఏడ్చింది కాబట్టి అవ్వ అన్నం పెట్టలేదు. ఆ మెలిక లేకపోతే కథ తెగిపోతుంది. "అవ్వ ఎవరు అవుతారు?" అన్నాను. ఆ అమ్మాయే లేచి వచ్చింది. నడుము వంచి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని నిలబడి, "పాప ఏడ్చింది, నేనేం చేసేది?" అంది. తరగతంతా పకపకా నవ్వింది. తర్వాత రోజుల్లో కావాలని తప్పులు చెప్పడం నాకు అలవాటైంది. తెలిసిన కథలో తప్పు పట్టుకోవడానికి పిల్లలు చూపే శ్రద్ధ, కొత్త కథ వినడానికి కూడా చూపరు.

ఇంతవరకు వినికిడి. వినడం వల్ల చదువు రాదు కదా. కథను గోడ మీదికి ఎక్కించాలి. పాత కేలండర్ల వెనుక వైపు తెల్లగా ఉంటుంది. ఆ కాగితాల మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో, ఒక్కో కాగితానికి ఒక్కో మాట చొప్పున రాశాను. రాస్తూ ఉండగానే ఒక విషయం కనబడింది. ఇన్నేళ్ళుగా చెబుతున్న కథలో దాన్ని నేనెప్పుడూ గమనించలేదు. గడ్డి, అడ్డం, వచ్చింది, అవ్వ, పెట్టలేదు, కుట్టింది, పుట్ట. కథ నిండా ద్విత్వాలే! మా పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో సరిగ్గా అవే. పైగా ప్రతి మాటా రెండుసార్లు, మూడుసార్లు వస్తుంది. వత్తులు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం రాయమంటే నేను రాయలేను.

మొదటి రోజు 27 మందీ గోడ మీది ఏడు కాగితాలూ చదివేశారు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇంటికి వెళ్ళే దారిలో అనుమానం వచ్చింది. మర్నాడు పిల్లలు రాకముందే కాగితాల వరుస మార్చి అంటించాను. అనుకున్నంతా అయింది. ఆవు మాట రాసిన కాగితం ముందు నిలబడి, "గడ్డిమేటు అడ్డం వచ్చింది" అని ధీమాగా చదువుతున్నారు. వాళ్ళ కళ్ళు కాగితం మీద ఉన్నాయి గానీ చదువుతున్నది జ్ఞాపకం. కొత్తగా కథలతో చదువు చెప్పాలనుకునే ఉపాధ్యాయులు ఇక్కడే మోసపోతారు. పిల్లవాడు చదువుతున్నాడో అప్పజెబుతున్నాడో తెలుసుకోవాలంటే వాక్యం మధ్యలో ఒక్క మాట మీద వేలు పెట్టి అడగాలి. లేదా చివరి మాట నుంచి వెనక్కి చదివించాలి. చదివేవాడు నెమ్మదిగానైనా చెబుతాడు. అప్పజెప్పేవాడు మొదటికి వెళ్ళి మళ్ళీ వాక్యమంతా చెప్పుకుంటూ వస్తాడు.

అలా వేలు పెట్టి అడుగుతున్నప్పుడు ఒక పిల్లవాడు "అవ్వ" అన్న మాటను "అమ్మ" అని చదివాడు. వాడి తప్పు నాకు చాలా మేలు చేసింది. వాడు "అ" చూశాడు, కింద ఏదో వత్తు ఉందని చూశాడు, అన్నం పెట్టేది అమ్మే కాబట్టి అమ్మ అని ఊహించాడు. ఊహ మంచిదే, కానీ వత్తు చూడలేదు. తెలుగులో చాలా వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి. డ కింద డ, ట కింద ట పెడితే పిల్లలు కాస్త తడుముకున్నా పోల్చుకుంటారు. మ, య, వ, త, న, ల వత్తులు అలా కాదు. వాటికి అసలు రూపంతో పోలికే ఉండదు. చూసి గుర్తుపెట్టుకోవలసిందే. వాటిని నేర్పడానికి పట్టికలు వేసి వల్లె వేయించడమే నేను ఇంతకాలం చేసిన పని.

ఆ రాత్రి కూర్చుని ఒక మాట వెంట ఒక మాట రాసుకున్నాను. అవ్వ, అమ్మ, అయ్య, అత్త, అన్న. మన బంధుత్వాలు చాలావరకు ఆ కష్టమైన వత్తులతోనే ఉన్నాయి. ఇక అంతా సులువైంది. "అవ్వ అన్నం పెట్టలేదు" అన్న కాగితంలో మొదటి మాటను మాత్రం కత్తిరించి తీసేశాను. ఆ ఖాళీలో రోజుకొక చీటీ గుండుసూదితో గుచ్చాను. మొదటి రోజు "అత్త".

ప్రార్థన అయ్యి లోపలికి వచ్చిన పిల్లలు మామూలుగా కూర్చున్నారు. ముందు వరుసలో ఒకడు గోడ చూసి, "సార్, ఈ రోజు అత్త పెట్టలేదు!" అని అరిచాడు. గొల్లవాడికి అత్త అన్నం పెట్టకపోవడం వాళ్ళకు ఎంత నవ్వు తెప్పించిందో చెప్పలేను. అత్త ఎందుకు పెట్టలేదో వాళ్ళే కారణాలు కల్పించారు. మర్నాడు "అన్న". ఆ తర్వాత "పిల్ల". వారం తిరిగేసరికి ప్రార్థన గంట కొట్టకముందే ఐదారుగురు గది తలుపు దగ్గర గుమిగూడి ఉండేవారు. ఆ రోజు అన్నం ఎవరు పెట్టలేదో ముందుగా తెలుసుకోవాలని వాళ్ళ ఆరాటం. నేను చదవమని అడగలేదు. చదివితే గానీ తెలియదు కాబట్టి చదివారు. ఒక రోజు చీటీ పెట్టడం మరచిపోతే, "అన్నం పెట్టనివాళ్ళు ఎవరూ లేరు, గొల్లవాడు కడుపునిండా తిన్నాడు" అని ముందు వరుస అబ్బాయే తేల్చాడు.

బాగా వచ్చిన ఏడుగురి సంగతి మిగిలి ఉంది. వాళ్ళకు చీటీలతో పని లేదు. ఆగస్టులో వాళ్ళను వత్తులు రానివారితో జతలుగా కూర్చోబెట్టి, ఒకరు చెబితే ఒకరు రాయాలన్నాను. చెప్పవలసింది మాత్రం చదువు రానివారే. ఏడు చేపల కథలాంటిదే, మీరు చూసిన వాటితో ఒక కథ చెప్పండి అన్నాను. రాసేవారికి గట్టిగా ఒక్కటే చెప్పాను. ఎదుటివారు ఏ మాట అంటే అదే రాయాలి, మార్చకూడదు. ఎందుకంటే తన నోటి మాటే కాగితం మీద ఉందని పిల్లవాడికి తెలిస్తే, దాన్ని చదవడానికి సగం దారి అక్కడే దొరుకుతుంది. ఒకడు "బుడ్డలు" అని చెప్పాడు. రాసే అమ్మాయి నా వైపు చూసి, "వేరుశనగ అని రాయనా సార్?" అంది. వద్దన్నాను. బుడ్డలే రాసింది. ఆ మాటలోనూ డ వత్తు ఉంది. వాచకం భాష తర్వాత నేర్పవచ్చు. తన మాటకు అక్షరాలు ఉన్నాయని ముందు వాడికి తెలియాలి.

కిటికీ పక్క అమ్మాయి చెప్పిన కథ ఇక్కడ చెప్పాలి. మూడు రోజుల పాటు చెప్పింది. జతగా రాసినవాడు పన్నెండు కాగితాలు నింపాడు. నేను అందులో అక్షరదోషాలు తప్ప ఏదీ దిద్దలేదు.

ఒక రైతుకు ఏడు ఎకరాల మిరప ఉంది. ఏడు ఎకరాల కాయ కోసి కల్లంలో ఏడు రాశులు పోశారు. ఆరు రాశులు ఎండాయి. ఒకటి ఎండలేదు. "కాయా, కాయా, ఎందుకు ఎండలేదు?" "వానకు తడిసి తాలు అయ్యాను." మిరప సంగతి తెలియని వారికి ఒక మాట. ఎండుతున్న కాయ తడిస్తే ఎరుపు పోయి తెల్లబారుతుంది. దాన్నే తాలు కాయ అంటారు, దానికి ధర రాదు. వాన వస్తే కల్లం మీద పట్ట కప్పాలి. కథలో తర్వాతి ప్రశ్న అదే. "పట్టా, పట్టా, ఎందుకు కప్పలేదు?" "నన్ను గుడిసె మీద కప్పారు." "గుడిసే, గుడిసే, నీకు పట్ట ఎందుకు?" "లోపల పాప తడుస్తోంది." "పాపా, పాపా, బడి మాని ఇక్కడికి ఎందుకు వచ్చావు?" "ఊళ్ళో అన్నం పెట్టేవాళ్ళు లేరు." "అవ్వా, అవ్వా, ఎందుకు అన్నం పెట్టలేదు?" "నేనూ కోతకు వచ్చాను." "ఎందుకు వచ్చావు?" "మా చేను ఎండింది." "చేనా, చేనా, ఎందుకు ఎండావు?" "వాన పడలేదు." "వానా, వానా, ఎందుకు పడలేదు?"

అక్కడ ఆగింది. కల్లంలో ఎండవలసిన కాయ తడిసింది, ఊళ్ళో తడవవలసిన చేను ఎండింది. రెంటికీ వానే కారణం. చీమ లాగా వాన ఏం చెప్పాలో ఆ అమ్మాయికి తోచలేదు. చివరి కాగితం ఖాళీగానే గోడకు అంటించాము. తరగతి వారం రోజులు వాదించుకుంది. చెట్లు కొట్టేశారు కాబట్టి పడలేదని ఒకరు, దేవుడికి కోపం వచ్చిందని ఒకరు. వారం తర్వాత ఒక ఉదయం వచ్చి చూస్తే ఆ కాగితం మీద ఆ అమ్మాయి చేతిరాతతో ఒక వాక్యం ఉంది. తన చేత్తో తాను రాసిన మొదటి వాక్యం అది. "నాకు మీ ఊరి దారి ఎవరూ చెప్పలేదు." "చెప్పలేదు"లో ప వత్తు కాస్త దూరంగా, పక్క అక్షరం కిందికి జరిగి ఉంది. నేను దిద్దలేదు.

వీటన్నిటికీ రోజుకు మొదటి పీరియడ్ మాత్రమే ఖర్చు చేశాను. అయినా పరిసరాల విజ్ఞానంలో రెండు పాఠాలు వెనకబడ్డాము. సెప్టెంబరులో రెండు శనివారాల మధ్యాహ్నాలు కూర్చుని వాటిని పూర్తి చేయవలసి వచ్చింది. ఒక తాతగారు బడికి వచ్చి, "అయ్యా, కథలు చెప్పడానికి ఇంటి దగ్గర మేము లేమా?" అని నిలదీశారు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మనవణ్ణి పిలిచి ఆ రోజు దినపత్రిక ఇచ్చాను. వాడు ఒక వార్త నాలుగు వాక్యాలు, రెండు చోట్ల తడబడి చదివాడు. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు తనకు వచ్చిన ఒక గొర్రెల కాపరి కథ చెప్పి వెళ్ళారు.

దసరా సెలవులకు ముందు మళ్ళీ జూన్‌లో లాగానే, పిల్లలు ఎన్నడూ చూడని పేరా ఇచ్చి చదివించాను. 11 మందిలో ఆరుగురు ఎక్కడా ఆగకుండా చదివారు. ముగ్గురు వత్తుల దగ్గర నెమ్మదించినా తమంతట తాము దాటారు. ఇద్దరికి రాలేదు. ఆ ఇద్దరి దగ్గర నా కథలు పనిచేయలేదు. ఒకరి విషయంలో నేనే ఆలస్యంగా కళ్ళు తెరిచాను. ఆ పిల్లవాడు చీటీ చదవడానికి ఎప్పుడూ గోడకు జానెడు దూరం దాకా వెళ్ళేవాడు. నేను అది ఉత్సాహం అనుకున్నాను. రెండు నెలల తర్వాత గానీ వాడికి నల్లబల్ల కనబడటం లేదని నాకు తట్టలేదు. కళ్ళ పరీక్ష చేయించి అద్దాలు వచ్చాక వాడు మళ్ళీ అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టాడు. రెండో పిల్ల వారంలో మూడు రోజులు తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గరే ఉండేది. బడికి రాని పిల్లకు గోడ మీది చీటీ ఏం చేస్తుంది?

దీపావళి తర్వాత మళ్ళీ లారీలు వచ్చాయి. వెళ్ళేవారి పిల్లల్ని ఊళ్ళోనే ఉంచమని ఇల్లిల్లూ తిరిగాను. నలుగురిని అవ్వల దగ్గర, చిన్నాయనల దగ్గర ఉంచారు. మిగిలినవారు వెళ్ళిపోయారు. కిటికీ పక్క అమ్మాయి కూడా వెళ్ళింది. ఆమె అవ్వ, "నేనూ పోతున్నా సారూ, ఎవరి దగ్గర వదిలేది?" అంది. కథలో ఉన్న మాటే అది. ఆ పన్నెండు కాగితాలను దారంతో కుట్టి, నా ఫోన్ నంబరు వెనుక రాసి ఇచ్చాను.

జనవరి నెలాఖరులో ఒక ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనుక కాయ కోసే ఆడవాళ్ళ మాటలు, ఎక్కడో ట్రాక్టర్ చప్పుడు వినబడుతున్నాయి. కిటికీ పక్క అమ్మాయి మేస్త్రీ ఫోన్ అడిగి తీసుకుందట. ఎలా ఉన్నావమ్మా అని నేను అడిగేలోపే, "సార్, ఈ రోజు అన్నం ఎవరు పెట్టలేదు?" అంది.

గోడ వైపు చూశాను. "నేను చెప్పను. రాసుకో. ముందు అ."

"రాశాను సార్." మట్టి మీద రాస్తున్నట్టుంది, పుల్ల గీసిన చప్పుడు వినబడింది.

"తర్వాత య. దాని కింద య వత్తు."

కాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత దూరం నుంచి, ఫోన్ పక్కన పెట్టి ఎవరినో పిలుస్తున్నట్టు, ఆమె గొంతు వినబడింది.

"అయ్యా! ఇటు రా, నీ పేరు వచ్చింది."